తెలియని నంబర్లను ఆపితే మామయ్య కూడా ఆగిపోయాడు

మోటారు వైండింగ్ చేసేవాడికి చుట్ల లెక్కే ప్రాణం. చేతిలో రాగి తీగ, నోట్లో లెక్క ఉన్నప్పుడు ఫోను మోగిందంటే విప్పి మళ్లీ మొదటి నుంచి చుట్టాల్సిందే. 2023 మే నెలలో +251, +62 అంటూ మొదలయ్యే విదేశీ నంబర్ల నుంచి కాల్స్ మీద కాల్స్ వస్తుంటే, రాయగడలోని మా షాపులో నేను లెక్క తప్పని రోజు లేదు. జూన్‌లో వాట్సాప్‌లో Silence unknown callers రాగానే Settings, Privacy, Calls లోకి వెళ్లి ఆన్ చేశాను. ఇంతవరకు తీయలేదు. ఆ నంబర్లు మోగవు, కాల్స్ జాబితాలో మాత్రం కనిపిస్తాయి. సాయంత్రం టీ తాగుతూ చూసుకుంటే చాలు.

నేను మెచ్చుకున్నంత నిశ్చింతగా మాత్రం లేదని మామయ్య వల్ల తెలిసింది. ఆయనది పార్వతీపురం. ఇంట్లో సిగ్నల్ సరిగా అందదు, వైఫై ఉంది. పొద్దున రైలుకు వస్తున్నానని చెప్పడానికి రాత్రి వాట్సాప్‌లో మూడుసార్లు చేశాడట. నా ఫోను పలకలేదు. మర్నాడు రెండు సంచుల మామిడికాయలతో రాయగడ స్టేషన్‌లో దిగి, నాకోసం గంటసేపు ఎదురుచూశాడు. అక్కడి నుంచి మామూలు కాల్ చేస్తే వెంటనే మోగింది.

“నా పేరు కూడా తీసేశావా ఏమిటిరా?” అన్నాడు.

తీయలేదు. జాబితా చూస్తే పేరు లేని నంబరు మూడుసార్లు ఉంది. సంగతేమిటంటే, మామయ్య ఏడాది క్రితం సిమ్ మార్చాడు. నేను కొత్త నంబరు దాచుకుని పాతది చెరిపేశాను. కానీ ఆయన వాట్సాప్ ఇంకా పాత నంబరు మీదే నడుస్తోంది. సిమ్ మార్చినంత మాత్రాన ఖాతా నంబరు మారదు. ఆ నంబరుకు నేనెప్పుడూ మెసేజ్ కూడా పెట్టలేదు, కాబట్టి నా ఫోనుకు ఆయన పరాయివాడే. తప్పు నాదే. ఇప్పుడు రెండు నంబర్లూ ఆయన పేరు కిందే ఉన్నాయి. ఆయన ఫోనులో Change number చేస్తే ఒక్కటే సరిపోయేది, కానీ మనవడు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదట.

దీనికి తలకిందుల బాధ మరొకటుంది. ఎప్పుడో స్థలం చూపిస్తానన్న ఒక దళారీ నంబరు దాచుకున్నాను. దాచుకున్నవాడు కదా, ఆయన కాల్ దర్జాగా మోగుతుంది. ఈ ఏర్పాటు పేరు ఉందా లేదా అనే చూస్తుంది, ఆ పేరు కావాలా వద్దా అన్నది చూడదు. చివరికి బ్లాక్ చేశాను.

కొత్త గిరాకీ వాట్సాప్ కాల్‌తోనే వచ్చే వ్యాపారమైతే నేను దీన్ని ఆన్ చేసేవాణ్ని కాదు. మా షాపు బోర్డు చూసి చేసేవాళ్లందరూ మామూలు కాల్సే చేస్తారు, వాటి జోలికి ఇది పోదు.