fa.parallel: లంక గ్రామాల ఆందోళన ప్రశ్నావళి మీద చాలాకాలం వాడాక

ఫ్యాక్టర్ ఎనాలిసిస్ చేసేవాళ్లకు ఒక్క ఆప్షన్ మాత్రమే చూపించమంటే ఎన్ని ఫ్యాక్టర్లు నిజమైనవో తేల్చే ప్యారలల్ ఎనాలిసిస్ చూపిస్తాను. గణాంకాల సాఫ్ట్‌వేర్ R లో, psych ప్యాకేజీలోని fa.parallel తో వాడుతున్నప్పటి నుంచీ దీని మీద నాకున్న ఇష్టం తగ్గలేదు.

కోనసీమ లంక గ్రామాల్లో ఆందోళనను కొలవడానికి 20 వాక్యాలు రాసుకున్నాం. "గుండె దడదడలాడుతుంది", "అరచేతులకు చెమటలు పడతాయి" లాంటివి కొన్ని. "ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చారంటే ఇక రాత్రంతా అదే ఆలోచన" లాంటివి ఇంకొన్ని. దడ వస్తుందన్నవాళ్లే చెమటలు కూడా పడతాయంటే, ఆ రెండు జవాబుల వెనక కంటికి కనపడని కారణం ఒకటి ఉందనుకుంటాం. దాన్నే ఫ్యాక్టర్ అంటాం. చిక్కంతా అలాంటివి ఎన్ని ఉన్నాయో తేల్చడంలోనే.

ఒక్కో ఫ్యాక్టర్ ఎన్ని వాక్యాలంత బరువు మోస్తుందో చెప్పే అంకె ఐగెన్ విలువ. చాలా డిపార్ట్‌మెంట్లలో అది 1 దాటితే ఫ్యాక్టర్ కింద లెక్కేస్తారు. మా 300 మంది జవాబుల్లో ఆ విలువలు 5.9, 2.1, 1.5, 1.18, 1.09, 1.02. ఆ లెక్కన ఆరు ఫ్యాక్టర్లు. చివరి రెండింటికీ పేరు పెడదామంటే, ఒక్కోదాని కింద ఒకదానితో ఒకటి పొంతన లేని రెండేసి వాక్యాలే ఉన్నాయి.

ప్యారలల్ ఎనాలిసిస్ అంటే 1965లో హార్న్ చెప్పిన ఉపాయమే: ఏ సంబంధమూ లేని అంకెలతో అదే సైజు డేటా, అంటే 300 మంది, 20 వాక్యాలు, పదే పదే తయారు చేసి చూడాలి. వాటిలోనూ మొదటి ఐగెన్ విలువ 1 దాటుతుంది, కేవలం కాకతాళీయంగా. మా సైజుకి అవి సుమారు 1.5, 1.4, 1.35, 1.3 చొప్పున వచ్చాయి. మన విలువ దాని వరుసలోని ఉత్తుత్తి విలువను దాటితేనే నిజమైన ఫ్యాక్టర్. మూడోది 1.5, 1.35ని దాటింది. నాలుగోది 1.18, 1.3 కంటే కింద ఆగిపోయింది. కాబట్టి మూడే.

```r
library(psych)   # d: 300 మంది జవాబుల పట్టిక
fa.parallel(d, fa = "pc")
fa(d, nfactors = 3, rotate = "oblimin")
```

ఫ్యాక్టర్ల మధ్య సంబంధానికి చోటిచ్చే oblimin ఎందుకంటే, ఒంటి బాధా మనసు బాధా ఒకదాన్నొకటి లాగుతుంటాయి. వాటి మధ్య సంబంధమే లేదని ముందే తీర్మానించే varimax ఇక్కడ పొసగదు.

అంతా బాగుంది గానీ, ఆ మూడో ఫ్యాక్టర్‌ని చూసి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. దాని కింద చేరినవి "నా మనసు నిమ్మళంగా ఉంటుంది", "రాత్రి హాయిగా నిద్రపడుతుంది" లాంటి నాలుగు వాక్యాలు. ఒక్కో వాక్యం ఆ ఫ్యాక్టర్‌తో ఎంత ముడిపడిందో చెప్పే లోడింగులు 0.5 నుంచి 0.6 దాకా ఉన్నాయి. "ప్రశాంతత" అని పేరు పెట్టి ఉపవిభాగంగా రాసెయ్యొచ్చనిపించేలా ఉంది. కానీ అవన్నీ తిరగేసి రాసిన వాక్యాలే, అంటే ఔనంటే ఆందోళన తక్కువని అర్థం వచ్చేవి. తిరగేసిన వాక్యం ఒక్కటి కూడా బయట మిగల్లేదు, మామూలు వాక్యం ఒక్కటి కూడా లోపలికి రాలేదు. అనుమానించాల్సింది అక్కడే.

సర్వేలో ఏం జరిగిందో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని చూశాను. చదవడం రాని మామ్మగారికి మా కుర్రాడు వాక్యాలు చదివి వినిపిస్తున్నాడు. దడ వస్తుందామ్మా అంటే "ఔను బాబూ" అంది. మనసు నిమ్మళంగా ఉంటుందామ్మా అన్నా "ఔను బాబూ" అంది. వచ్చిన కుర్రాడిని కాదనడం ఆమెకు మర్యాద కాదు. అలా ఔను మీద ఔను చెప్పేవాళ్లు నూటికి పదిమంది ఉన్నా, మార్కులు తిప్పి వేశాక కూడా ఆ నాలుగు వాక్యాలు మిగతావాటితో సరిగా కలవవు, తమలో తాము మాత్రం కలుస్తాయి. అందుకే అది విడి ఫ్యాక్టర్‌లా బయటపడింది.

ఇక్కడ ప్యారలల్ ఎనాలిసిస్‌ని తప్పుపట్టలేను. ఆ మూడోది కాకతాళీయం కాదని అది చెప్పింది, అది నిజమే. కానీ అది ఆందోళనా, జవాబు చెప్పే అలవాటా అన్నది దాని పరిధిలో లేదు. ఆ తేడా తెలియాలంటే వాక్యాలు చేతిలో పట్టుకుని చదవాలి, వీలైతే అడిగేచోట కూర్చోవాలి. మేం మొదటి రెండు ఫ్యాక్టర్లనే ఆందోళనగా ఉంచాం. ఆ నాలుగింటిని మామూలు దిశలో తిరగరాసి, వేరే లంకల్లో కొత్తవాళ్లను అడిగి, ముందే అనుకున్న ఫ్యాక్టర్లు జవాబులకు సరిపోతాయో లేదో చూసే కన్ఫర్మేటరీ ఎనాలిసిస్‌తో సరిచూస్తున్నాం. పాత 300 మంది మీదే సరిచూస్తే అది పరీక్ష అవ్వదు.

ఇంకో సంగతి. ఆందోళన లాంటి విషయంలో మొదటి ఫ్యాక్టర్ చాలా బలంగా ఉంటుంది, మిగతావి దానికి అంటుకునే ఉంటాయి. అలాంటప్పుడు, ముఖ్యంగా శాంపిల్ చిన్నదైతే, ఈ పద్ధతి అసలు ఉన్న చిన్న ఫ్యాక్టర్‌ని కూడా వదిలేయవచ్చు. అందుకే అది చెప్పిన సంఖ్యకి ఒకటి ఎక్కువా, ఒకటి తక్కువా పెట్టి కూడా చూస్తాను.

300 మంది, ఐదు మెట్ల జవాబులు, ఇంటింటికీ వెళ్లి చదివి వినిపించిన సర్వే: నా అనుభవం ఇంతవరకే. కాలేజీ పిల్లలు ఫోన్‌లో వాళ్లంతట వాళ్లే నింపే ప్రశ్నావళి అయితే మామ్మగారి "ఔను" బెడద తక్కువ ఉండొచ్చు, అప్పుడు తిరగేసిన వాక్యాలు కొన్ని ఉంచుకోవచ్చేమో. లంకల్లో మాత్రం నేను ఇక పెట్టను.