కొత్త పుస్తకంలోని వాక్యం: టీషర్టు మీదా, పోస్టరు మీదా, వీడియోలోనా?

పుస్తక ప్రదర్శనల కాలం వచ్చిందంటే ఈ ప్రశ్న నన్ను వెతుక్కుంటూ వస్తుంది. ఈ మధ్య వెలువడిన పుస్తకంలో ఒక వాక్యం బాగా నచ్చింది, దాన్ని దేని మీద వాడుకుంటే చిక్కు ఉండదు? వెంటనే ఇంకో మాట కూడా కలుపుతారు: "రచయిత పేరు వేస్తాం కదా, అది చాలదా?" చాలదు. పేరు వేయడం రచయితకు మనం ఇవ్వవలసిన మర్యాద. అది అనుమతికి బదులు కాదు.

నాలుగు పంక్తుల లోపు ఫరవాలేదని, పుస్తకంలో పది శాతం దాకా వాడుకోవచ్చని చాలామంది నమ్ముతారు. 1957 నాటి మన కాపీరైటు చట్టంలో అలాంటి లెక్క ఎక్కడా లేదు. సెక్షన్ 52 చూసేది ఎందుకు వాడుతున్నామన్నది. సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు, వర్తమాన విషయాలను తెలియజేయడానికి న్యాయమైన మేరకు ఉటంకించవచ్చు. అలంకారం కోసం, అమ్మకం కోసం అన్నవి ఆ జాబితాలో లేవు. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండేళ్ల క్రితం వచ్చిన ఒక కవితా సంపుటిలో ఎనిమిది పంక్తుల కవిత ఉంది. అందులో మూడు పంక్తులు మీకు కావాలి. సంపుటి మొత్తంతో పోలిస్తే అవి చాలా తక్కువే. కానీ కవిత తనంతట తాను ఒక రచన. మూడు పంక్తులంటే దానిలో మూడోవంతు దాటినట్టే. పైగా కోర్టులు పరిమాణంతో పాటు తీసుకున్న భాగం ఎంత విలువైనదన్నది కూడా చూస్తాయి. మీరు ఆ పంక్తులను ఎంచుకున్నదే అవి ఆ కవితకు ప్రాణం కాబట్టి.

అవే మూడు పంక్తులను వీడియోలో తెర మీద చూపించి, ఆ పదచిత్రం ఎందుకు పనిచేసింది, ఎక్కడ తేలిపోయింది అని పది నిమిషాలు మాట్లాడారనుకోండి. అది సమీక్ష. మీ ఛానెల్‌కు ప్రకటనల ఆదాయం వస్తున్నంత మాత్రాన అది సమీక్ష కాకుండా పోదు. పత్రికలు కూడా డబ్బుకే అమ్ముడవుతాయి. అవే పంక్తులను టీషర్టు మీద అచ్చువేసి నాలుగు వందలకు అమ్మితే, కొనేవారు డబ్బిస్తున్నది ఆ కవి మాటకు. మాట తీసేస్తే మిగిలేది గుడ్డ. వీడియోలోంచి ఆ పంక్తులు తీసేసినా మీ మాట కొంతైనా మిగులుతుంది. అందుకే నన్నడిగితే వీడియోకే నా ఓటు. అయితే వెనక సంగీతం పెట్టి వాక్యాలను వరసగా చూపించే రీలుకు ఈ రక్షణ ఉంటుందనుకోవద్దు. అందులో సమీక్ష ఏదీ లేదు. కథ మొత్తం చదివి వినిపించడం గురించి చెప్పనక్కరలేదు, అనుమతి తప్పనిసరి.

పోస్టరు సంగతి క్లుప్తంగా: మీ గది గోడకు రాసుకుంటే అది సొంత వాడకం. అమ్మితే టీషర్టుకు చెప్పిందే దీనికీ వర్తిస్తుంది. పుస్తక పరిచయ సభకు వేసే పోస్టరైతే రచయితకు ఒక్క ఫోను చేయండి, సాధారణంగా సంతోషంగా ఒప్పుకుంటారు.

చట్టంతో పాటు నీతికీ సంబంధించిన విషయం ఇంకొకటి ఉంది. నవలలో దుర్మార్గుడైన పాత్ర అన్న మాటను విడదీసి, కింద రచయిత పేరు వేస్తే, అది ఆ రచయిత అభిప్రాయమైపోతుంది. కులం గురించో స్త్రీల గురించో రచయిత ఖండించదలచిన మాటే ఆయన పేరుతో ఊరంతా తిరుగుతుంది. రచనను వక్రీకరించి తన పరువుకు భంగం కలిగిస్తే అడ్డుకునే హక్కు సెక్షన్ 57 కింద రచయితకు ఉంది. కాపీరైటును ప్రచురణకర్తకు అమ్మేసినా ఆ హక్కు రచయిత దగ్గరే ఉంటుంది. కాబట్టి పాత్ర మాటైతే పాత్ర పేరు, నవల పేరు కూడా వేయాలి. వాక్యాన్ని మధ్యలో తుంచకూడదు.

టీషర్టే కావాలనుకునేవారు ముందు పుస్తకంలో హక్కుల పేజీ చూడండి. హక్కులు రచయితవా, ప్రచురణ సంస్థవా అన్నది సాధారణంగా అక్కడ ఉంటుంది. అనువాదమైతే మూల రచయిత, అనువాదకులు ఇద్దరి హక్కులూ ఉంటాయి. ఏ వాక్యం, ఏ వస్తువు మీద, ఎన్ని, ఎంత కాలం, ఎంత ప్రతిఫలం అన్నవి రాతలో ఉండాలి. వంద టీషర్టులు నాలుగు వందల చొప్పున అమ్మి పది శాతం ఇస్తానంటే రచయితకు చేరేది నాలుగు వేలు. ఆ మాట ముందే చెబితే బేరం తేలిక. కాలం రాయకపోతే అనుమతి ఐదేళ్లకే అనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అనీ చట్టం భావిస్తుంది. అమెరికాలోని తెలుగువారికి కూడా పంపాలనుకుంటే ఆ దేశం పేరు ఒప్పందంలో విడిగా రాయించుకోండి.