కతబా, కుతుబా? హాన్స్ వేర్ నిఘంటువుతో 8 ఏళ్లు

కువైట్‌లో అరబ్బీ కాగితాలు చదివి ఇంగ్లీషులోకి మార్చే పనిలో చేరినప్పుడు కొన్న పుస్తకం ఇది. జర్మన్‌లో హాన్స్ వేర్ తయారుచేసిన ఆధునిక లిఖిత అరబ్బీ నిఘంటువుకు, మిల్టన్ కోవన్ సంపాదకత్వంలో 1961లో వచ్చిన ఇంగ్లీషు రూపం. 8 ఏళ్లుగా రోజూ తెరుస్తున్నాను. ఇది దేనికి పనికొస్తుందో, ఎక్కడ మన బుర్రకే పని మిగులుస్తుందో చెప్తాను.

ముందు చిక్కు ఏమిటో చూద్దాం. మామూలు అరబ్బీ రాతలో పొట్టి అచ్చులు రాయరు, ఒత్తు అక్షరానికి గుర్తు కూడా తరచుగా పెట్టరు. దీర్ఘాలు మాత్రం రాస్తారు. తెలుగులో అలా చేస్తే పులి, పిల్లి, పల్లె, పిల్ల అన్నీ 'పల' అయిపోతాయి. ఉర్దూ బోర్డులు చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ 'ఇస్', 'ఉస్' రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అరబ్బీలో కాఫ్, తా, బా అనే మూడక్షరాలు పక్కపక్కన ఉంటే కతబ అంటే రాశాడు, కుతిబ అంటే రాయబడింది, కుతుబ్ అంటే పుస్తకాలు, కత్తబ అంటే రాయించాడు. నిఘంటువులో ఇవి అకారాది క్రమంలో దొరకవు. క-త-బ అనే ధాతువు కింద ముందు క్రియ, దాని రూపాలు రోమన్ అంకెలతో, ఆ తర్వాత నామవాచకాలు వస్తాయి. మూల క్రియకూ, నామవాచకాలకూ ఉచ్చారణ లాటిన్ అక్షరాల్లో అచ్చులతో సహా ఉంటుంది. నాకు ఎక్కువగా పనికొచ్చింది ఇదే. అయితే 'కుతిబ' కోసం వెతికితే విడిగా దొరకదు. క్రియకు మొదటి అక్షరం మీద ఉ, రెండోదాని కింద ఇ పెడితే కర్మణి అవుతుందన్న మూస మనకే తెలిసుండాలి.

మూస తెలియక నేను పోగొట్టిన అవకాశం ఒకటుంది. కొత్తలో ఒక పేపర్లో చిన్న ప్రకటన కనిపించింది: 'మత్లూబ్', అంటే కావలెను, తర్వాత మీమ్-దాల్-రా-సీన్-తా మాట, చివర 'రియాదియ్యాత్', అంటే లెక్కలు. మాటను మదరసగా చదివి, ఏదో లెక్కల స్కూలు గొడవ అనుకుని పక్కన పెట్టేశాను. అది ముదర్రిస, అంటే టీచరమ్మ. మా స్నేహితుడి భార్య లెక్కల టీచరు, అప్పుడు ఉద్యోగం వెతుక్కుంటోంది. నాకు తెలిసేసరికి గడువు దాటింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. నిఘంటువులో ద-ర-స కింద మదరస కాస్త పైన, ముదర్రిస్ చివర్లో ఉంటాయి. మొదటి అర్థం దొరకగానే ఆపేయకుండా, ఆ అక్షరాలతో సరిపోయే మాట కింద ఇంకేదైనా ఉందా అని ఎంట్రీ చివరిదాకా చూడటం అప్పటినుంచి నా అలవాటు. 'మ' ముందుండి అన్నీ అ-కారాలైతే చోటు పేరు కావచ్చు. 'ము'తో మొదలై మధ్య అక్షరం ఒత్తయి దాని కింద ఇ ఉంటే పని చేసేవారు.

మూసకు సరిపోయే అర్థాలు రెండు మిగిలితే పక్క మాటే తేల్చాలి. 'క్‌త్‌బ్ అల్‌వలద్' అని రెండే మాటలుంటే 'అబ్బాయి రాశాడు' అనీ అవుతుంది, 'అబ్బాయి పుస్తకాలు' అనీ అవుతుంది. మూడో మాటగా 'అద్‌దర్స్' (పాఠం) వస్తే రాశాడు, ఎందుకంటే పాఠం కర్మ. 'జదీద' (కొత్త) వస్తే పుస్తకాలు, ఎందుకంటే మనుషులు కాని వాటి బహువచనానికి విశేషణం స్త్రీలింగ ఏకవచనంలో ఉంటుంది.

ఇక 'అలత్తావిల' (బల్ల మీద) వస్తే? అబ్బాయి బల్ల మీద రాశాడు, అబ్బాయి పుస్తకాలు బల్ల మీద ఉన్నాయి, రెండూ తప్పులేని వాక్యాలే. పూర్తి అచ్చులతో రాస్తే కతబల్‌వలదు, కుతుబుల్‌వలది అని వేరుపడతాయి, కానీ మామూలు రాతలో ఎవరూ అలా రాయరు. నిఘంటువు ఇక్కడ ఏమీ చెప్పదు. తర్వాతి వాక్యం చదవాలి. 'ఖుద్‌హా', అంటే 'వాటిని తీసుకో' అని వస్తే పుస్తకాలు. 'పెన్నుతో' అని వస్తే రాశాడు. అందుకే ఇప్పుడు సందేహం వచ్చిన మాట దగ్గర ఆగి నిఘంటువు తెరవను. వాక్యం ముగించి, తర్వాతిది కూడా చదివాకే తెరుస్తాను. పేపర్లవాళ్లు మరీ తికమక అనిపించిన చోట కర్మణి క్రియ మీద ఒక్క ఉ-గుర్తు పెడతారు. అది కనిపిస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది.

అరబ్బీ నేర్చుకోవడం మొదలుపెట్టిన ఆర్నెల్లలోనే కొనేవాళ్లకు ఒక మాట. 'ఇత్తిసాల్' (ఫోన్, సంబంధం) కావాలంటే వావ్-సాద్-లామ్ కింద చూడాలి. ధాతువు పట్టడం రాకపోతే పుస్తకం చేతిలో ఉన్నా మాట దొరకదు. ఖురాన్, పిల్లల పుస్తకాలు అచ్చులతో ఉంటాయి కాబట్టి వాటితో ధాతువులు గుర్తుపట్టడం అలవాటు చేసుకున్నాకే దీన్ని కొనండి.