వన్-వే స్లాబా, టూ-వే స్లాబా?

ముందు పొడవును వెడల్పుతో భాగించండి. 2 దాటితే వన్-వే. అంతకంటే తక్కువై, నాలుగు వైపులా గోడో బీమో ఉంటే టూ-వే.

2×6 మీటర్ల వరండా వన్-వే: బరువంతా 2 మీటర్ల వైపే పోతుంది, కాబట్టి మెయిన్ రాడ్లు అటే, కింద వరుసలో, రాడ్లను అడుగు నుంచి ఎత్తి పట్టే కవర్ బ్లాకుల మీద. వాటిపైన అడ్డంగా డిస్ట్రిబ్యూషన్ రాడ్లు; 125 మి.మీ. స్లాబ్‌కి 8 మి.మీ. రాడ్లు 300 మి.మీ.కి ఒకటి చాలు.

4×4 గది టూ-వే: రెండు వైపులా మెయిన్ స్టీలే. అంచుల మీద ఊరికే ఆనిన స్లాబైతే, కాంక్రీట్ పనికి భారత ప్రమాణమైన IS 456 ప్రకారం ఒక్కో వైపు మూమెంట్, అంటే స్లాబును వంచే ప్రభావం, వన్-వేలో వచ్చేదానిలో సగమే (గుణకం 0.125 బదులు 0.062), అందుకే మందం, స్టీలు కలిసొస్తాయి. పని మాత్రం ఎక్కువ, మూలలు పైకి లేవకుండా గోడలు, బీములు పట్టి ఉంచితే అక్కడ అదనపు రాడ్ల జాలీ కూడా కట్టాలి.

వన్-వేలో అసలు ప్రమాదం మెయిన్ రాడ్లను పొడవు వైపు పరచడం. అప్పుడు అడుగున మధ్యలో, పొడవు గోడలకు సమాంతరంగా పగులు వస్తుంది. కాంక్రీట్ పోయకముందే వంగి చూడండి, కవర్ బ్లాక్ మీద కూర్చున్న రాడ్ పొట్టి వైపు పోతుండాలి.

వరండా, కారిడార్ అయితే వన్-వే, చదరానికి దగ్గరగా ఉన్న గదులకు టూ-వే. 3×6 గదిలో టూ-వే లెక్క వేసినా పొట్టి వైపు మూమెంట్ గుణకం 0.118 వస్తుంది, వన్-వే 0.125కి దగ్గరే, మిగిలేది పెద్దగా ఉండదు.