క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటులో వడ్డీ లెక్క సరిచూసుకోవడం: చాలాకాలం వాడాక నా సమీక్ష

బెంగళూరులో మనవాళ్ల మధ్య కార్డు బిల్లు గురించి ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "ముప్పై వేల బిల్లులో పాతిక వేలు కట్టేశా, మిగిలింది ఐదు వేలే, దానికి పదిహేను వందల వడ్డీ ఏంటి?" ఈ ప్రశ్న న్యాయమైనదే. జవాబు స్టేట్‌మెంటులో ఉండదు. అందులో వడ్డీ ఒకే వరుసలో, ఒకే అంకెగా పడుతుంది. ఏ మొత్తం మీద, ఎన్ని రోజులకు, ఏ రేటుతో వేశారో చెప్పరు. ఈ మూడూ తెలిస్తే ఆ అంకెను పది నిమిషాల్లో మనమే రాబట్టవచ్చు. నేను ఏళ్లుగా స్ప్రెడ్‌షీట్‌లో మూడు గడులు పెట్టుకుని సరిచూస్తున్న పద్ధతిని ఒక పూర్తి ఉదాహరణతో చెబుతాను.

కార్డు స్టేట్‌మెంటు ప్రతి నెలా 15న వస్తుందనుకుందాం. మే 22న ఎస్పీ రోడ్డులో 24,000 పెట్టి మానిటర్ కొన్నారు. జూన్ 5న ఇంటి సరుకులకు 6,000 అయింది. జూన్ 15 స్టేట్‌మెంటులో మొత్తం బాకీ 30,000, డ్యూ డేట్ జూలై 5. ఆ రోజే 25,000 కట్టారు. మినిమమ్ డ్యూ దాటింది కాబట్టి లేట్ ఫీజు లేదు. తర్వాత జూలై 8న మారతహళ్లిలో స్కూటర్ రిపేరుకు 4,000 గీశారు. వడ్డీ రేటు నెలకు 3.6 శాతం, అంటే ఏడాదికి 43.2 శాతం. ఇప్పుడు జూలై 15 స్టేట్‌మెంటులో ఎంత వడ్డీ రావాలి?

మిగిలిన ఐదు వేలకు జూలై 5 నుంచి 15 వరకు 11 రోజుల వడ్డీ వేస్తే 65 రూపాయలే అవుతుంది. అందరూ ఊహించేది ఇదే. కానీ పూర్తి బాకీ గడువులోగా తీర్చకపోతే వడ్డీ లేని గడువు మొత్తంగా పోతుంది. అలా పోయాక లెక్క డ్యూ డేట్ నుంచి కాదు, వస్తువు కొన్న రోజు నుంచి మొదలవుతుంది. ఆ పాతిక వేలు కూడా కట్టిన రోజు వరకు బాకీగానే ఉన్నట్టు లెక్క.

షీట్‌లో A గడిలో మొత్తం, B గడిలో వడ్డీ మొదలైన తేదీ, C గడిలో వడ్డీ ఆగిన తేదీ రాయండి. C గడిలో డబ్బు కట్టిన తేదీ వేయాలి. బాకీ ఇంకా నడుస్తుంటే స్టేట్‌మెంటు మర్నాటి తేదీ వేయాలి. అలా చేస్తే రోజుల లెక్కలో ఒకటి తగ్గడం, ఒకటి పెరగడం ఉండదు. D గడిలో ఇది:

```
=A2*(C2-B2)*0.432/365
```

మానిటర్ 24,000: మే 22 నుంచి జూలై 5 వరకు 44 రోజులు. సరుకులు 6,000: జూన్ 5 నుంచి జూలై 5 వరకు 30 రోజులు. మిగిలిన 5,000: జూలై 5 నుంచి 16 వరకు 11 రోజులు. రిపేరు 4,000: జూలై 8 నుంచి 16 వరకు 8 రోజులు. నాలుగు వరుసలూ కూడితే 1,565.85. దీని మీద 18 శాతం జీఎస్టీ 281.85. కలిపి 1,847.70. ఇందులో మానిటర్ ఒక్కదాని వాటాయే దాదాపు 1,250 రూపాయలు. ముందుగా కొన్న పెద్ద వస్తువే వడ్డీని మోస్తుందని ఈ షీట్ చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

జీఎస్టీ కొన్ని స్టేట్‌మెంట్లలో ఐజీఎస్టీగా ఒకే వరుసలో వస్తుంది, కొన్నింటిలో తొమ్మిది తొమ్మిదిగా రెండు వరుసల్లో వస్తుంది. మొత్తం 18 శాతమే కావాలి. పన్ను కూడా కలుపుకుంటే 43.2 శాతం కాస్తా ఏడాదికి దాదాపు 51 శాతం అవుతుంది. మనం నిజంగా కట్టే రేటు అదే.

మీ అంకెకూ స్టేట్‌మెంటు అంకెకూ కొద్దిగా తేడా వస్తే కంగారు పడక్కర్లేదు, కానీ వదిలేయకండి. 24,000 మీద ఒక్క రోజు వడ్డీ 28.41. తేడా సరిగ్గా అంతో, దానికి రెట్టింపో ఉంటే బ్యాంకు కొన్న తేదీని కాకుండా లావాదేవీ ఖాతాలో నమోదైన తేదీని తీసుకుందని అర్థం. ఈ రెండింటికీ మధ్య ఒకటి రెండు రోజులు పట్టడం మామూలే. కట్టిన వైపు తేడా అయితే మాత్రం తప్పకుండా అడగాలి. మీ ఖాతాలోంచి డబ్బు 5న పోయి, కార్డులో 7న జమైనట్టు చూపిస్తే ఆ రెండు రోజుల వడ్డీ పాతిక వేల మీద పడుతుంది. డ్యూ డేట్ రోజు రాత్రి దాకా ఆగకుండా రెండు మూడు రోజుల ముందే కట్టడం మేలనేది ఇందుకే.

ఎక్కువమందికి అంతుపట్టనిది తర్వాతి నెల. జూలై 15 స్టేట్‌మెంటు మొత్తం 10,847.70. దాన్ని గడువులోగా, ఆగస్టు 1న, పైసాతో సహా కట్టేశారు. ఇంకేం కొనలేదు. అయినా ఆగస్టు 15 స్టేట్‌మెంటులో మళ్లీ వడ్డీ ఉంటుంది. ఎందుకంటే జూలై 16 నుంచి 31 వరకు 16 రోజులు 9,000 అసలు నడిచింది, స్టేట్‌మెంటు తయారైన రోజుకి ఆ వడ్డీ ఇంకా పుట్టలేదు. 9,000 మీద 16 రోజులకు 170.43, జీఎస్టీ 30.68, కలిపి 201.11. ఇది తోకలా మిగిలే వడ్డీ, మోసం కాదు. పూర్తిగా కట్టేశాం కదా అని ఆ చిన్న మొత్తాన్ని పట్టించుకోకపోతే మాత్రం వడ్డీ లేని గడువు మళ్లీ పోతుంది. స్టేట్‌మెంటు వచ్చాక ఆగే రోజులు ఎంత తగ్గితే ఈ తోక అంత చిన్నదవుతుంది.

ఈ రెండో నెల అంకెతోనే నేను అసలు పరీక్ష పెడతాను. స్టేట్‌మెంటులో వేసిన వడ్డీని 365తో గుణించి, 0.432తోనూ 16 రోజులతోనూ భాగిస్తే బ్యాంకు ఏ మొత్తం మీద వడ్డీ వేసిందో బయటికొస్తుంది. 170.43 అయితే 9,000 వస్తుంది, అంటే అసలు మీదే వేశారు. 200.09 అయితే 10,566 వస్తుంది, అంటే పోయిన నెల వడ్డీని కూడా అసలులో కలిపారు. 205.42 అయితే 10,848, అంటే జీఎస్టీ మీద కూడా వడ్డీ వేశారు. ఈ మూడోది నిలదీయాల్సిన సంగతి. ఆర్‌బీఐ 2022లో ఇచ్చిన క్రెడిట్ కార్డు నిబంధనల ప్రకారం కట్టని చార్జీలు, పన్నులను అసలులో కలిపి వడ్డీ వేయకూడదు. రెండోది కనిపిస్తే మీ కార్డు ముఖ్య నిబంధనల పత్రంలో, అంటే ఎంఐటీసీలో, ఇచ్చిన లెక్క ఉదాహరణతో పోల్చండి. ప్రతి బ్యాంకూ అలాంటి ఉదాహరణ ఇవ్వాలి. స్టేట్‌మెంటులో వడ్డీ ఎలా వేస్తారో తేల్చేది ఆ ఉదాహరణే, కాల్ సెంటర్ మాట కాదు.

ఇక మినిమమ్ డ్యూ. మొదటి స్టేట్‌మెంటులో 30,000కి 5 శాతం చొప్పున 1,500 చూసినవాళ్లు రెండో నెల కూడా 5 శాతమే ఉంటుందనుకుంటారు. 10,847.70లో 5 శాతం 542. కానీ ఆ నెల వడ్డీ, జీఎస్టీ కలిపే 1,847.70 ఉన్నాయి. 542 కడితే వడ్డీ కూడా తీరదు, బాకీ ఇంకా పెరుగుతుంది. మినిమమ్ డ్యూ కడుతున్నా బాకీ పెరిగేలా లెక్క ఉండకూడదని నిబంధన చెబుతోంది. అందుకే వడ్డీ, పన్ను, ఫీజులు మొత్తంగా వేసి, వాటి పైన అసలులో కొంత శాతం కలుపుతారు. 9,000లో 5 శాతం 450 కలిపితే 2,297.70. ఇందులో అసలులోంచి తగ్గేది ఆ 450 మాత్రమే. మినిమమ్ డ్యూ ఒక్కసారిగా బిల్లులో ఐదో వంతు దాటిందంటే తప్పు జరిగిందనుకోకండి, లెక్క ఇదీ అని విడదీసి చూడండి. ఈఎంఐ ఉంటే ఆ నెల వాయిదా కూడా ఇందులోనే చేరుతుంది.

లేట్ ఫీజు విషయంలో మూడు సంగతులు చూడాలి. మొదటిది తేదీ. డ్యూ డేట్ దాటి మూడు రోజులకు మించి బాకీ ఉంటేనే లేట్ ఫీజు వేయాలి. డ్యూ డేట్ ఆగస్టు 4 అయితే 7వ తేదీలోగా మినిమమ్ డ్యూ జమైతే ఫీజు ఉండకూడదు. కానీ ఈ మూడు రోజుల వెసులుబాటు ఫీజుకే, వడ్డీకి కాదు. 6న పూర్తి బాకీ కట్టినా గడువు దాటినట్టే, వడ్డీ కొన్న తేదీ నుంచి లెక్కకొస్తుంది. మూడు రోజులు దాటితే ఆలస్యపు రోజులు కూడా డ్యూ డేట్ నుంచే లెక్కపెడతారు.

రెండోది, ఏ మొత్తం మీద ఫీజు వేశారన్నది. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ ఇక్కడే. లేట్ ఫీజు స్లాబులుగా ఉంటుంది. ఒక కార్డు పట్టికలో 5,001 నుంచి 10,000 వరకు 750, ఆ పైన 25,000 వరకు 950 అనుకుందాం. మన 10,847.70 బిల్లులో 2,297.70 కట్టాల్సిన చోట గడువులోగా 2,000 కట్టారు. మినిమమ్ డ్యూ తప్పింది కాబట్టి ఫీజు పడుతుంది. అయితే గడువు తర్వాత మిగిలింది 8,847.70. నిబంధన ప్రకారం ఫీజు ఈ మిగిలిన మొత్తాన్ని బట్టే ఉండాలి, స్టేట్‌మెంటు మొత్తాన్ని బట్టి కాదు. 950 వేసి ఉంటే 200 ఎక్కువ, జీఎస్టీతో 236 ఎక్కువ. చిన్న మొత్తమే అయినా లిఖితపూర్వకంగా అడిగితే తిరిగి ఇవ్వాల్సిందే.

మూడోది, ఆ లేట్ ఫీజు తర్వాతి నెల వడ్డీలో దూరిందా అన్నది. పైన చెప్పిన తిరగేసిన లెక్కే దీనికీ పనికొస్తుంది.

అడిగేటప్పుడు "వడ్డీ ఎక్కువ వేశారు" అని రాస్తే నియమాల జాబితా అతికించిన జవాబే వస్తుంది. మీ షీట్ వరుసలు పెట్టి, "ఏ మొత్తం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రేటు, వరుసవారీగా చెప్పండి" అని మెయిల్ రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా cms.rbi.org.in లో ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టవచ్చు. రుసుము లేదు. రేటు 43 శాతం ఎక్కువన్నది మాత్రం అక్కడ నిలవదు. 30 శాతం దాటిన కార్డు వడ్డీ అన్యాయమన్న జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో కొట్టేసింది. నిలిచేది లెక్కలో తప్పు: తప్పు తేదీ, తప్పు మొత్తం, తప్పు స్లాబు.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. కార్డు మీద నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, పైగా విడిగా ఫీజు. దాన్ని వేరే వరుసలో వేయాలి. ఒకే కార్డులో ఈఎంఐలు, వాపసులు, నడిచే బాకీ కలిసి ఉంటే మీరు కట్టిన డబ్బును బ్యాంకు ముందు దేనికి జమ చేసుకుందో తెలియకుండా పైసలతో సహా సరిపోదు. సాధారణంగా పన్నులు, ఫీజులు, వడ్డీ తీరాకే అసలుకు వెళుతుంది. మీ కార్డు క్రమం ఎంఐటీసీలో చూడాలి. జీతం ఒకటో తేదీన పడి డ్యూ డేట్ 28న ఉన్నవాళ్లు షీట్ తెరవక ముందే ఇంకో పని చేయాలి: బిల్లింగ్ తేదీ మార్చమని యాప్‌లోనో మెయిల్‌లోనో అడగాలి. కనీసం ఒక్కసారి మార్చుకునే అవకాశం నిబంధనల్లోనే ఉంది.