మంచులో బంగారం, వానలో బరువు: మెంబ్రేన్ బూట్లతో నా అనుభవం

చీలమండ దాటి పైకి వచ్చే తోలు బూట్లు, లోపల వాటర్‌ప్రూఫ్ మెంబ్రేన్ ఉన్న రకం, కొన్నేళ్లుగా వాడుతున్నాను. శీతాకాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠా మంచులో నడిచినా, జులైలో కర్ణాటకలోని కుద్రేముఖ్ వానలో తడిసినా ఇదే జత. ఇన్నాళ్లు వాడాక నా మాట ఇది: మంచు ట్రెక్కులకు డబ్బు పెట్టి కొనండి, మన దక్షిణాది వర్షాకాలం కోసమైతే వద్దు.

దీనికి కారణం మెంబ్రేన్ పనిచేసే తీరులోనే ఉంది. బయటి తోలుకీ లోపలి గుడ్డకీ మధ్య సాక్సు ఆకారంలో ఒక పల్చటి పొర ఉంటుంది, దాని కుట్ల మీద నీళ్లు దిగకుండా టేపు అతికిస్తారు. పేరున్న రకాల్లో ఈ పొరను చాలా ఏళ్లపాటు టెఫ్లాన్‌ను సాగదీసి చేసేవారు. 1969లో అమెరికాలో బాబ్ గోర్ వేడి చేసిన టెఫ్లాన్ కడ్డీని ఒక్కసారిగా లాగితే అది తెగకుండా సాగి, లోపల లెక్కలేనన్ని సూక్ష్మ రంధ్రాలు ఏర్పడ్డాయి. టెఫ్లాన్ నీటిని అంటనివ్వదు, పైగా రంధ్రాలు మరీ చిన్నవి, అందుకే నీటి చుక్క లోపలికి దూరలేదు. చెమట ఆవిరి మాత్రం విడివిడి అణువులుగా బయటికి పోగలదు.

పోగలదు అన్నానే గానీ, అది ఊరికే పోదు. బూటు లోపల ఆవిరి పీడనం బయటికన్నా ఎక్కువగా ఉంటేనే పోతుంది, ఆ తేడా ఎంత ఉంటే అంత వేగంగా పోతుంది. నడుస్తున్న పాదం చుట్టూ 33 డిగ్రీల వేడి, నిండా తేమ ఉన్నాయనుకుంటే లోపలి ఆవిరి పీడనం దాదాపు 50 మిల్లీబార్లు. బయట సున్నా డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న కొండ గాలిలో అది 4 కూడా ఉండదు. అంటే తేడా 46. అదే 28 డిగ్రీల వానలో, 95 శాతం తేమలో బయట కూడా 36 ఉంటుంది. తేడా 14కి పడిపోతుంది. పాదానికి చెమట పట్టడం మాత్రం తగ్గదు కదా, ఇంకా ఎక్కువే పడుతుంది.

దీనికి తోడు బయటి తోలు మీద నీటిని జారనిచ్చే పూత వాడేకొద్దీ అరిగిపోతుంది. అప్పుడు మెంబ్రేన్ బాగానే ఉన్నా తోలు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. తడిసిన తోలు ఆవిరికి అడ్డుగోడే. బూటు బరువెక్కుతుంది, లోపల సాక్సులు పిండితే నీళ్లు వచ్చేలా ఉంటాయి. బూటు లీకవుతోందని చాలామంది కంగారుపడేది ఇక్కడే.

కుద్రేముఖ్ దారిలో వాగులు దాటాలి. వానాకాలంలో నీళ్లు చీలమండ దాటితే బూటు పైనుంచే లోపలికి పోతాయి, ఇక బయటికి వచ్చే దారి లేదు. నీటిని బయటే ఆపే పొర ఇప్పుడు లోపలే పట్టి ఉంచుతుంది. గట్టెక్కి బూట్లు విప్పి వంచాను, లోపలి స్పాంజి పట్టుకున్న నీళ్లు మాత్రం పోలేదు. రాత్రంతా న్యూస్‌పేపర్లు కుక్కినా తెల్లారి వేసుకునేసరికి లోపల చెమ్మే. ఆ తేమలో నానిన చర్మం మెత్తబడి మడమ దగ్గర బొబ్బలు లేస్తాయి. అదే దారిలో మెష్ షూస్ వేసుకున్నవాళ్ల కాళ్లు కూడా తడిశాయి, కానీ నాలుగడుగులు వేసేసరికి నీళ్లు జాలీలోంచి కారిపోయాయి. వెచ్చటి వానలో కాలు తడిస్తే చిరాకే తప్ప ప్రమాదం లేదు, సాయంత్రం ఆరబెట్టి పొడి సాక్సులు వేసుకుంటే సరిపోతుంది. జలగలకు లీచ్ సాక్సులు ఎలాగూ వేసుకోవాలి.

మంచులో లెక్క వేరు. తడిసిన పాదం వేడిని చాలా త్వరగా కోల్పోతుంది, చలి ముదిరితే వేళ్లు మొద్దుబారి గడ్డకట్టే ప్రమాదం ఉంది. కేదార్‌కంఠాలో పొద్దెక్కి మంచు కరిగి బురదగా మారినచోట గంటలకొద్దీ నడిచినా నా ఉన్ని సాక్సులకు కొద్దిపాటి చెమ్మ తప్ప తడి అంటలేదు. అక్కడ మెష్ షూస్‌తో వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

ఇప్పుడు నా ఎడమ బూటు నిజంగానే లీకవుతోంది. చెమట తడి అయితే పాదమంతా వెచ్చగా, సమానంగా ఉంటుంది. లీకు తడి ఒకేచోట, చల్లగా తగులుతుంది. నాకు అది వేళ్ల దగ్గర, అడుగు వేసినప్పుడల్లా బూటు మడతపడే గీత మీద తగిలింది. బూటులో మడమ పైదాకా నీళ్లు పోసి, పొడి న్యూస్‌పేపర్ మీద కొన్ని గంటలు ఉంచితే సంగతి తేలింది: ముందు ఆ మడత దగ్గర తోలు నల్లబడింది, తర్వాత దాని కిందే పేపర్ తడిసింది. మడతపడే చోట లోపలి పొర చిరిగితే ఇంట్లో అతికించడం కుదరదు. ఈ జతను ఇక పొడి దారులకే ఉంచుకున్నాను.