రాత్రి మూడు గంటలకు మాత్రమే కారే ఏసీ: ఐదు వేసవుల తర్వాత

మా బెడ్‌రూమ్ ఏసీకి ఐదు వేసవులు నిండాయి. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్, విజయవాడలో మూడో అంతస్తు, పడమటి గోడ. చల్లదనం, స్టార్లు, కరెంటు బిల్లు గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. నా కోపమంతా దాని తోక మీద. బొటనవేలంత లావున గోడలోంచి బయటికి వేలాడే ఆ ముడతల నీళ్ళ పైపు మీద. ఈ ఏసీ నాకు తెప్పించిన టెన్షన్ అంతా, ఒక్క పైసా ఖరీదు చేయని ఆ పైపు వల్లే.

మొదటి రెండేళ్ళు దీన్ని తెగ పొగిడాను. మా బావమరిదితో కూడా ఇదే కొనిపించాను. చప్పుడే ఉండదని, ఆపాక లోపలి ఫ్యాన్ కాసేపు తిరిగి తనను తాను ఆరబెట్టుకుంటుందని చెప్పాను. రెండూ నిజమే. కాకపోతే ఆ ఆరబెట్టుకోవడం కాయిల్ వరకే. కాయిల్ మీది నీళ్ళు పట్టే కింది ట్రే, దాని నుంచి బయటికి వెళ్ళే పైపు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. అది నాకు మూడో ఏడు తెలిసింది.

ఆ ఏడు రోహిణి కార్తె ఎండలన్నీ బాగానే గడిచాయి. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయో లేదో, ఒక రాత్రి మా ఆవిడ లేపింది. "ఏమండీ, దిండు తడిసింది, పైనుంచి పడుతోంది." టైము చూస్తే మూడు దాటింది. ఏసీ ముందు మూత అంచు నుంచి చుక్కలు, గోడ మీద జానెడు వెడల్పున తడి. ఆపేసి, కింద గిన్నె పెట్టి, ఫ్యాన్ వేసుకుని పడుకున్నాం. పొద్దున్నే మళ్ళీ వేస్తే చుక్క లేదు. పగలంతా లేదు. రాత్రి మళ్ళీ మూడింటికి మొదలు.

పిలిస్తే వచ్చిన మొదటి కుర్రాడు మధ్యాహ్నం పన్నెండుకి వచ్చాడు. మగ్గుతో నీళ్ళు పోసి చూశాడు, చక్కగా బయటికి పోయాయి. "పైపు క్లియర్‌గానే ఉంది సార్, గ్యాస్ తగ్గింది, ఐస్ కట్టి కరుగుతోంది" అన్నాడు. గ్యాస్ పట్టించి, ఫిల్టర్లు కడిగి 2,800 తీసుకున్నాడు. ఆ రాత్రి మూడున్నరకి మళ్ళీ టప్, టప్.

ఇప్పుడైతే ఆ మాట నమ్మను. గ్యాస్ తగ్గితే ముందు చల్లదనం తగ్గుతుంది, గది చల్లబడటానికి మామూలు కంటే ఎక్కువ సేపు పడుతుంది. ముందు మూత ఎత్తి చూస్తే కాయిల్ మీద ఒక పక్క తెల్లటి మంచు పొర కనిపిస్తుంది. ఏసీ ఆపాక ఆ మంచు కరిగి ఒక్కసారిగా నీళ్ళు పడతాయి. ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోయి గాలి ఆడకపోయినా ఇదే జరుగుతుంది. మా ఏసీ గదిని ఐస్‌ముక్కలా చేస్తోంది, మంచు లేదు, ఆపితే నీళ్ళు ఆగిపోతున్నాయి. ఈ మూడూ కలిపి చూస్తే నీళ్ళకు బయటికి దారి లేదని అర్థం.

రెండోసారి వచ్చినాయన పెద్దాయన. లోపలికి రాకముందే బాల్కనీలోకి వెళ్ళి, "ఈ బకెట్ ఎప్పుడు పెట్టారు సార్?" అన్నాడు.

అదొక కథ. మొదటి రెండేళ్ళు పైపు నీళ్ళు కింది ఫ్లోరు వాళ్ళ బట్టల మీద పడేవి. వాళ్ళు ఊరుకోలేదు. మూడో ఏడు పదడుగుల పైపు అతికించి, బాల్కనీ గ్రిల్ వెంట తీసుకెళ్ళి మూలనున్న బకెట్‌లో వదిలాం. మా ఆవిడ ఆ నీళ్ళు తులసికి, కరివేపాకుకి పోస్తుంది. నీళ్ళు వృథా కావట్లేదని ఇద్దరం సంతోషపడ్డాం.

పెద్దాయన చూపించింది రెండు సంగతులు. అతికించిన పైపు గ్రిల్ మీద ఒకచోట ఉయ్యాలలా కిందికి జారి, మళ్ళీ పైకి లేచి, ఆ తర్వాత బకెట్‌లోకి దిగుతోంది. ఆ ఉయ్యాలలో ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉంటాయి. ఇక పైపు చివర బకెట్ సగం లోతు దాకా ఉంది. రాత్రి పదింటికి బకెట్ ఖాళీగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. వానాకాలం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మా ఏసీ తెల్లారేసరికి పది లీటర్ల పైనే నీళ్ళు తీస్తుంది. మే నెల పొడి వేడిలో అందులో సగం కూడా రావు. అందుకే రోహిణిలో కారనిది మృగశిరలో కారింది. మూడింటికల్లా నీటిమట్టం పైపు చివరను దాటి, ఇంకో నాలుగైదు వేళ్ళు పైకి వస్తుంది. ఇప్పుడు ఇటు ఉయ్యాలలో నీళ్ళు, అటు బకెట్‌లో నీళ్ళు, మధ్యలో గాలి ఇరుక్కుపోయింది. ఆ గాలిని బయటికి తోసేంత బలం ట్రే నుంచి వచ్చే నీళ్ళకు లేదు. ఇక్కడ మోటారేమీ ఉండదు, వాలు మీద నీళ్ళు వాటంతటవే పోవాలి. ట్రే నుంచి ఆ ఉయ్యాల దాకా ఉన్న వాలు నాలుగు వేళ్ళ ఎత్తు కూడా లేదు. నీళ్ళు వెనక్కి నిలిచి, ట్రే నిండి, మా దిండు మీద పడ్డాయి.

పొద్దున మా ఆవిడ బకెట్ ఖాళీ చేయగానే అంతా సర్దుకునేది. మధ్యాహ్నం వచ్చినవాడికి ఏమీ కనిపించకపోవడంలో వింత లేదు.

ఆయన జేబులోంచి బ్లేడు తీసి, పైపు చివర ఒక అడుగు కోసి, బకెట్ అంచుకు పైన గాల్లో వేలాడేలా కట్టాడు. ఉయ్యాలకి నాలుగు క్లిప్పులు కొట్టి, మొదటి నుంచి చివరిదాకా దిగుతూనే ఉండేలా సరిచేశాడు. మీటరుకి కనీసం ఒక సెంటీమీటరు దిగాలట, రెండయితే ఇంకా మంచిదట. మూడు వందలు తీసుకున్నాడు. ఆ ఏడాది మళ్ళీ కారలేదు.

కానీ గొడవ అంతటితో తీరలేదు. పోయిన ఏడు మళ్ళీ కారింది. ఈసారి మూడింటికి కాదు, ఏసీ వేసిన అరగంటకే. బకెట్ ఖాళీ, పైపు చివర గాల్లోనే ఉంది, అందులోంచి మాత్రం ఎంతసేపటికో ఒక చుక్క. ఇది అసలైన పూడిక. గదిలోని దుమ్ము కాయిల్ మీదికి చేరి, నీళ్ళతో కలిసి ట్రేలోకి దిగి, చీకటిగా తడిగా ఉన్న ఆ పైపులో జిగట పాచిలా పేరుకుంటుంది. చూడ్డానికి గోధుమ రంగు జెల్లీలా ఉంటుంది. ఫిల్టర్ నెలనెలా కడిగినా కొంత దుమ్ము దాటుతూనే ఉంటుంది. బెడ్‌రూమ్‌లో అగరుబత్తులు వెలిగించే అలవాటు కూడా మాకు ఉంది, అదీ కలిసి ఉంటుంది.

ఈసారి ఎవర్నీ పిలవలేదు. ముందు ఎంసీబీ ఆపేశాను, రిమోట్‌తో ఆపితే చాలదు. మంచం పక్కకి జరిపి, కింద పాత దుప్పటి పరిచాను. నీళ్ళు కూడా పీల్చే రకం వాక్యూమ్ క్లీనర్ ఎదురింటి వాళ్ళ దగ్గర ఉంటే అడిగి తెచ్చాను. మామూలు ఇంటి వాక్యూమ్‌తో ఈ పని చేస్తే నీళ్ళు మోటారులోకి పోయి అదీ పాడవుతుంది. బాల్కనీ వైపు పైపు చివరకి దాని గొట్టాన్ని ఆనించి, రెంటి మధ్య సందు లేకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి చేత్తో గట్టిగా పట్టుకున్నాను. పది సెకన్ల పాటు ఏమీ లేదు. తర్వాత గుటుక్కుమని ఒక శబ్దం, పైపు చేతిలో అదిరింది, నీళ్ళు ధారగా వచ్చేశాయి. ఇంకో నిమిషం అలాగే ఉంచాను. డబ్బా విప్పి చూస్తే మురికి నీళ్ళలో వేలెడు పొడవున్న జెల్లీ ముక్కలు.

చాలామంది బయటి నుంచి సైకిల్ పంపుతో గాలి కొడతారు. ఆ పాచి వెనక్కి పోయి ట్రేలో పడుతుంది, రెండు రోజుల్లో మళ్ళీ దిగి అక్కడే అడ్డుపడుతుంది. గట్టిగా కొడితే ఏసీ వెనక పైపు అతుకు ఊడిపోయి, నీళ్ళు గోడ లోపలే కారవచ్చు. లాగడమే మంచిది, తోయడం కాదు.

తర్వాత ముందు మూత ఎత్తి, ఫిల్టర్లు తీసి, కాయిల్ ఎడమ వైపు నుంచి మెల్లగా గోరువెచ్చటి నీళ్ళు పోశాను. మా దాంట్లో కుడి వైపు ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, అటు చుక్క పడకూడదు. మీది ఎటుందో ముందే చూసుకోండి. అర లీటరు నీళ్ళలో అర కప్పు వెనిగర్ కలిపి ఒకసారి పోసి అరగంట వదిలి, రెండు మగ్గుల మంచినీళ్ళతో కడిగేశాను. మరిగే నీళ్ళు వద్దు, ప్లాస్టిక్ వంగుతుంది. బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ లాంటివి అసలే వద్దు, కాయిల్ అల్యూమినియం రేకుల్ని తినేస్తాయి. చివరగా ఒక మగ్గు పోసి మా అబ్బాయిని బాల్కనీలో నిలబెట్టాను. నిమిషంలోపే ధారగా వచ్చాయన్నాడు. ఇలా ధారగా వచ్చినా గదిలో ఇంకా కారుతుంటే తప్పు పైపుది కాదు. యూనిట్ పైపు లేని వైపుకి ఒరిగిపోయి ఉండొచ్చు, లేదా ట్రే పగిలి ఉండొచ్చు. ఆ రెండూ ఇంట్లో చేసుకునే పనులు కావు.

ట్రే బయటికి తీసి కడుక్కునే వీలు ఈ మోడల్‌లో లేదు, బ్లోయర్ విప్పాలి. ఇదొక్కటి కొనేటప్పుడు తెలిసి ఉంటే ఇంకో రెండు మోడళ్ళు చూసేవాణ్ణి. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, ఉగాది ముందొకసారి, తొలకరి పడ్డాక ఒకసారి వాక్యూమ్ అడిగి తెచ్చుకుంటున్నాను. మాది కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు, రాత్రంతా ఏసీ నడిచే ఇల్లు, పదడుగుల అదనపు పైపు. అనంతపురం లాంటి పొడి ఊళ్ళో, పైపు తిన్నగా కిందికి దిగే ఇంట్లో ఇదే ఏసీ ఐదేళ్ళు మాట్లాడకుండా నడుస్తుందేమో. మాకు మాత్రం ఐదుకి మూడున్నర.

మొన్న బావమరిది ఫోన్ చేశాడు. "బావా, రెండో బెడ్‌రూమ్‌కి కూడా అదే తీసుకోనా?" అన్నాడు. ముందు మీ బాల్కనీ ఫొటో పంపమన్నాను.